కుట్టని అంగీకి కొలతలు

“రాజసం ఉట్టిపడే భారతీయ గౌను, కళ్లు చెదిరే ఎంబ్రాయిడరీ, అద్భుతమైన డిజైన్” అని బొమ్మలు గీసే ఏఐ టూల్‌లో టైప్ చేసి చూడండి. వచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకటే. సాటిన్‌లా మెరిసే గుడ్డ, మెడ నుంచి పాదాల దాకా సందు లేకుండా బంగారు తీగ, వెనక ఓ రాజమహలు, మధ్యలో నగలన్నీ దిగేసుకున్న అమ్మాయి. చూడటానికి బాగానే ఉంటుంది. గౌను ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ఎటు నుంచి తొడుక్కోవాలో మాత్రం అంతు చిక్కదు. ఇందులో టూల్‌ను తప్పుపట్టడానికి లేదు. రాజసం, అద్భుతం అన్న మాటల్లో గీయదగ్గ వస్తువేదీ లేదు. అలాంటి మాటలు పక్కన రాసి ఉన్న బోలెడన్ని ఫొటోలను చూసి నేర్చుకున్నది కనక, వాటన్నిటిలోనూ సామాన్యంగా కనబడేదాన్ని తెచ్చి మన ముందు పెట్టింది.

ఫ్యాషన్ డిజైన్ చదివే పిల్లలు, బొటిక్ నడిపేవాళ్లు, సినిమా కాస్ట్యూమ్ పని చేసేవాళ్లు ఇప్పుడు ఇంకా ఎవరూ కుట్టని బట్టల్ని ముందుగా ఈ టూల్స్‌తో గీయించి చూసుకుంటున్నారు. దానికోసం రాసి ఇచ్చే వర్ణనే ప్రాంప్ట్. దర్జీకి చెప్పే మాటలకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. “మంగళగిరి కాటన్‌లో ఎనిమిది కలీలు పెట్టు” అంటే దర్జీకి గుడ్డ బిరుసు, అంచు ఎక్కడొస్తుంది, లైనింగ్ కావాలా వద్దా అన్నీ చేతికి తెలుసు. ఈ టూల్ గుడ్డను ఏనాడూ తాకలేదు. దానికి తెలిసిందల్లా ఫొటోలు, వాటి పక్కన ఉన్న మాటలు. కాబట్టి గుడ్డ గురించి మనకు తెలిసిన విషయాన్ని, అది కంటికి ఎలా కనబడుతుందో ఆ మాటల్లోకి మార్చి ఇవ్వాలి. పనంతా అక్కడే ఉంది.

ఒక అంగీని ఊహించుకుని ఆ పని చేసి చూద్దాం. ముందు తెరిచి ఉండే పొడవాటి అంగీ. రొమ్ము కింద నుంచి మడమల దాకా ఎనిమిది కలీలు. కుడివైపు ముందు భాగాన్ని అక్కడితో ఆపకుండా పొడిగించి, రొమ్ము మీదుగా ఎడమ భుజం మీదికి పైటలా వేస్తాం. గుడ్డ నీలిమందు రంగు మంగళగిరి నూలు, అంచున సన్నటి జరీ. చేతుల చివర నాలుగంగుళాల మేర మగ్గం వర్క్. ఇలాంటిది బజార్లో లేదు. అందుకే దీన్ని ఎంచుకున్నాను. లంగా ఓణీ గీయమంటే టూల్ తనకు తెలిసిన బొమ్మల్లోంచి తీసి ఇచ్చేస్తుంది. తెలియని దాన్ని గీయమన్నప్పుడే మన మాటల సత్తా బయటపడుతుంది.

మొదట గుడ్డ వాలు సంగతి. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ గుడ్డ బరువును అంకెల్లో ఇస్తుంటారు, చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని. బట్టల మిల్లులో ఆ అంకెకు విలువ ఉంది. ఫొటోల కింద రాసే వివరణల్లో అది అరుదుగా కనిపిస్తుంది, కాబట్టి టూల్‌కు దాంతో పెద్దగా పని జరగదు. పైగా బరువు ఒక్కటే గుడ్డ ఎలా వాలుతుందో చెప్పదు. ఒకే బరువున్న ఆర్గంజా, షిఫాన్ పక్కపక్కన వేలాడదీస్తే ఒకటి గాలి నింపుకున్నట్టు నిలబడుతుంది, రెండోది జారి ఒంటికి అంటుకుంటుంది. తేడా బిరుసులో ఉంది.

బిరుసును కొలవడం మీద వస్త్ర శాస్త్రవేత్తలు చాలాకాలం పని చేశారు. మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో ఎఫ్.టి. పియర్స్ 1930లో చేసిన పద్ధతి చాలా తేలిక. గుడ్డ పీలికను బల్ల అంచు దాటించి ముందుకు జరుపుతూ పోవాలి. ఎంత పొడవు బయటికొచ్చాక తన బరువుకు తాను నిర్ణీత కోణానికి వంగిందో చూడాలి. అయితే పీలిక ఒకవైపే వంగుతుంది, ఒంటి మీది బట్ట అన్ని వైపులా వంగుతుంది. ఆ లోటు తీర్చే సాధనాన్ని 1960లలో జి.ఇ. క్యూసిక్ మెరుగుపరిచాడు. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి గుడ్డను 18 సెంటీమీటర్ల బిళ్ల మీద పరుస్తారు. చుట్టూ మిగిలింది కిందికి వాలుతుంది. దాని నీడను కాగితం మీద పడేలా చేసి ఆ నీడ వైశాల్యం కొలుస్తారు. బిరుసు గుడ్డ నీడ విశాలంగా, పూర్తి వృత్తానికి దగ్గరగా ఉంటుంది, అంచున కొద్దిపాటి వెడల్పు అలలే కనిపిస్తాయి. మెత్తటి గుడ్డ నీడ కుంచించుకుపోయి, అంచంతా ఇరుకు అలలతో నిండిపోతుంది.

ప్రాంప్ట్ రాసేవాళ్లకు కావలసింది ఆ నీడలోనే దొరుకుతుంది. మడతలు ఎన్ని, ఎంత వెడల్పు, వాటి మలుపు గుండ్రమా కోణమా, గుడ్డ ఒంటికి దగ్గరగా ఉందా దూరంగా నిలిచిందా. ఈ నాలుగూ కంటికి కనబడేవి, కాబట్టి టూల్‌కు అందేవి. గంజి పెట్టిన మంగళగిరి నూలుకు ఈ నాలుగు ప్రశ్నలూ వేస్తే జవాబు ఇలా వస్తుంది: మడతలు తక్కువ, వెడల్పు, మలుపులు కోణంగా, తుంటి దగ్గర ఒంటికి ఎడంగా. దీనికి మెరుపు లేదని ఐదో మాట చేర్చాలి. చెప్పకపోతే జరీ అంచు మెరుపును చూసి టూల్ గుడ్డ మొత్తానికీ పట్టు తళుకు పూస్తుంది. అదే అంగీని క్రేప్‌లో కావాలంటే నాలుగు జవాబులూ తిరగబడతాయి: మడతలు ఎక్కువ, ఇరుకు, గుండ్రటి మలుపులు, మోకాళ్ల దగ్గర ఒంటిని తాకుతూ. “మంగళగిరి” అన్న పేరును తీసేయమని అనడం లేదు. ఆ పేరు ఒక్కదాని మీదే భారం వేస్తే మనకు దక్కేది ఏదో ఒక నూలు చీర.

ఇక కోత. మన దర్జీలు క్రాస్ కట్ జాకెట్ అంటారు చూడండి, గుడ్డను నిలువుగా కాకుండా ఏటవాలుగా పెట్టి కత్తిరించడం, దాన్ని గౌను మొత్తానికి వాడి పేరు తెచ్చుకున్న డిజైనర్ పారిస్‌లోని మదలీన్ వియోనె. 1920లలో ఆమె తన గౌన్లను కాగితం మీద గీయకుండా, సగం సైజు చెక్కబొమ్మకు గుడ్డ చుట్టి తయారుచేసేది. ఏటవాలుగా కోసిన గుడ్డ సాగి ఒంటి వంపుల్ని పట్టుకుంటుంది, పడుగు పేకల వెంట కోసింది సాగదు. కాబట్టి కోత మారితే మడత మారుతుంది. ప్రాంప్ట్‌లో వాలు ఒకలా, కోత ఒకలా రాస్తే టూల్ గొడవపడదు, రెండింటినీ కలిపి అసాధ్యమైన బట్టను చక్కగా గీసి ఇస్తుంది. బిరుసు నూలును తుంటికి అతుక్కునేలా చూపిస్తుంది. చూసినవాళ్లకు ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో పట్టుకోలేరు.

మన అంగీలో అసలు చిక్కు కలీలకూ అంచుకూ మధ్య ఉంది. నేత అంచు పడుగు వెంట, గుడ్డ పొడవునా సాగుతుంది. చీరలో అది పాదాల చుట్టూ రావడానికి కారణం గుడ్డ పొడవును ఒంటి చుట్టూ తిప్పడమే. మన కలీల అడుగున కూడా అంచు రావాలంటే ప్రతి కలీనీ గుడ్డ అడ్డంలో, అడుగు భాగం అంచు మీద ఉండేలా కోయాలి. లెక్క చూద్దాం. రొమ్ము కింద చుట్టుకొలత 32 అంగుళాలు అనుకుంటే ఒక్కో కలీ పైన 4 అంగుళాలు, కుట్టుకు మరొకటి. అడుగున 14, కుట్టుకు ఒకటి. పొడవు 45 అంగుళాలు, చీర పన్నాలో సరిపోతుంది. ఎనిమిది కలీలకు అంచు వెంట 120 అంగుళాల గుడ్డ, అంటే మూడు మీటర్లు కావాలి. అడుగు ఘేరు 112 అంగుళాలు వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. కలీ నడుమ పొడవు 45 అంగుళాలైతే పక్కల ఏటవాలు అంచులు దాదాపు 45¼ వస్తాయి. మామూలు గుడ్డయితే దర్జీ ఆ పావు అంగుళాన్ని అడుగున గుండ్రంగా కత్తిరించేస్తాడు. నేత అంచును అలా కత్తిరించలేడు, జరీ తెగిపోతుంది. కాబట్టి నిజంగా కుట్టిన అంగీలో ప్రతి అతుకు దగ్గరా అంచు కాస్త కిందికి దిగి, చిన్న మొనలా కనిపిస్తుంది. వద్దనుకుంటే అంచును విడిగా కోసి, చిన్న చిన్న మడతలతో గుండ్రంగా తిప్పి కుట్టాలి. టూల్‌కు ఈ బాధ లేదు. ఎంత ఘేరున్నా అంచును సెలయేరులా ఒంపులు తిప్పి అతుకు లేకుండా గీసేస్తుంది. కలీల దగ్గర నేత అంచు ఒక్క అతుకూ లేకుండా గుండ్రంగా తిరిగిందంటే, గీసినదానికి గుడ్డ తెలియదని అక్కడే తేలిపోతుంది. కస్టమర్ ఫోన్‌లో ఆ బొమ్మ చూపించి ఇలాగే కావాలంటే దర్జీ పడే అవస్థకు మూలం కూడా చాలాసార్లు ఇలాంటి పావు అంగుళమే.

మరి ప్రాంప్ట్‌లో ఎనిమిది అని రాస్తే ఎనిమిది కలీలు వస్తాయా? నమ్మలేం. ఈ టూల్స్‌కు లెక్కపెట్టడం ఇప్పటికీ గట్టిగా రాదు. పైగా ముందు నుంచి చూస్తే ఎనిమిదిలో నాలుగో ఐదో కనిపిస్తాయి. అంకె వల్ల ఒక ఉపయోగం మాత్రం ఉంది, నిలువు అతుకులున్న అంగీ అని అర్థమవుతుంది. “పైన సన్నగా, కిందికి వెడల్పయ్యే పొడవాటి ముక్కలు” అని కనబడే రూపం కూడా చెబితే మేలు.

ఎంబ్రాయిడరీ దగ్గరికొస్తే ఆశలు కాస్త తగ్గించుకోవాలి. ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. నిలువు బొమ్మకు చాలా టూల్స్ ఇచ్చే సైజుల్లో ఒకటి 1024 అడ్డం, 1536 నిలువు పిక్సెళ్లు. తల పైనా పాదాల కిందా కొంత ఖాళీ వదిలితే మనిషికి 1350 దాకా మిగులుతాయి. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి, అంటే 64 అంగుళాలు. అంగుళానికి 21 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ గుడ్డ మీద 1.2 మిల్లీమీటర్లతో సమానం. గొలుసు కుట్టులో ఒక్క గొలుసు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే రెండు పిక్సెళ్లు. రెండు చుక్కల్లో గొలుసు ఎవరూ గీయలేరు. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడళ్లలో ఇంకో అడ్డంకి ఉంది. అవి బొమ్మను నేరుగా పిక్సెళ్లలో కాక, ఎనిమిదింటికి ఎనిమిది పిక్సెళ్లను ఒక గడిగా కుదించి పనిచేస్తాయి. మన కొలతలో ఒక గడి దాదాపు సెంటీమీటరు. అంతకన్నా చిన్న వివరమంతా చివర్లో గడిని విప్పేటప్పుడు కల్పించి అద్దేదే. నిండుగా నిలబడ్డ మనిషి బొమ్మలో జర్దోసీ ఎప్పుడూ అటుకుల ముద్దలా కనబడటానికి కారణం ఇదే. ప్రాంప్ట్‌లో ఎన్ని కుట్ల పేర్లు చేర్చినా ఆ ముద్ద విడిపోదు.

కాబట్టి నిలువు బొమ్మలో ఎంబ్రాయిడరీ గురించి మూడు సంగతులే చెప్పాలి: ఎక్కడ, ఎంత మేర, ఎంత చిక్కగా. మన అంగీకి చేతుల చివర నాలుగంగుళాల పట్టీ అంటే 84 పిక్సెళ్ల ఎత్తు, అందులో అంగుళంన్నర మామిడి పిందెకు 32 పిక్సెళ్లు వస్తాయి. ఆకారం పోల్చుకోవడానికి చాలు. “చేతుల చివర మాత్రమే” అనడం ముఖ్యం. ఆ మాట లేకపోతే పని పైట మీదికి, కలీల మీదికి పాకిపోతుంది. మెడ చుట్టూ పెట్టకపోవడానికీ కారణం ఉంది. పైట మెడలో సగాన్ని కప్పేస్తుంది, టూల్ ఊరుకోకుండా ఆ సగాన్ని పైట మీదే కుట్టి చూపిస్తుంది.

కుట్టు పనితనం చూడాలంటే రెండో బొమ్మ వేరుగా అడగాలి, చేతి చివర మాత్రమే నిండేలా. అక్కడ కుట్ల మాటలకు బలం వస్తుంది. వెండి తీగ గొలుసు కుట్టుతో పిందె గీత, లోపల ముడి కుట్లు, అంచున కట్‌దానా, గుడ్డ మీద నుంచి పైకి లేచినట్టు, పక్క నుంచి వెలుతురు. పక్క వెలుతురు ఎందుకంటే, ఎదురుగా పడ్డ కాంతిలో పైకి లేచిన పనికి నీడ ఉండదు, అచ్చు వేసినట్టు చదునుగా కనిపిస్తుంది. ఒక ఇబ్బంది మాత్రం తప్పదు. రెండో బొమ్మలో వచ్చిన పిందెలు మొదటి బొమ్మలోవి కావు. మొదటి బొమ్మను ఆధారంగా ఇస్తే పోలిక కొంత దగ్గరవుతుంది, అచ్చంగా అదే పిందె రావడం మాత్రం అరుదు.

మగ్గం పని తెలిసినవాళ్లు ఈ బొమ్మల్లో ఇంకోటి పట్టేస్తారు. గుడ్డను కర్ర చట్రానికి బిగించి సూదితో నింపినచోట గుడ్డ గట్టిపడుతుంది. తీగలు, పూసలు పడ్డ పట్టీ అట్టలా నిలుస్తుంది, దానిలో సన్న మడతలు పడవు. టూల్ మాత్రం నిండా పని ఉన్న చోట కూడా పలచటి మడతలు వేసి, పిందెల్ని ఆ మడతల మీద చదునుగా అంటిస్తుంది. మడత లోపలికి తిరిగినచోట పిందె కూడా తిరిగి సగమే కనబడాలి. పూర్తిగా కనబడుతుంటే అది కుట్టు పని అనిపించుకోదు, స్టిక్కర్. ప్రాంప్ట్‌లో “పని ఉన్న పట్టీ గట్టిగా, మడతలు లేకుండా” అని ఒక్క ముక్క చేరిస్తే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది.

భంగిమ విషయంలో నా అభిప్రాయం కాస్త మొండిది. నడుస్తున్నట్టు, గిరుక్కున తిరుగుతున్నట్టు అడగడం దండగ. ఘేరు ఎగిరితే చూడముచ్చటగా ఉంటుంది కానీ, గుడ్డ తన బరువుకు తాను ఎలా వాలుతుందో అప్పుడు తెలియదు, అతుకులూ కనబడవు. మనిషి నిలబడి ఉండాలి. బరువు ఒక కాలి మీద వేస్తే రెండో వైపు కలీలు కొంచెం విచ్చుకుంటాయి, అంతకు మించి కదలిక అక్కర్లేదు. మన అంగీకి కుడి చేయి ఒంటికి ఎడంగా ఉండటం తప్పనిసరి. అప్పుడే చంక దగ్గరి కోత, చేతి చివరి పట్టీ, కుడి పక్క నుంచి పైట బయల్దేరే చోటు మూడూ కనిపిస్తాయి. జేబులో చేయి, నడుం మీద చేయి అంటే ఆ మూడింటినీ దాచేసినట్టే. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఫ్యాషన్ స్కెచ్‌లలో మనిషిని తొమ్మిది తలల పొడవు గీయడం ఆనవాయితీ, నిజమైన మనిషి ఏడున్నర దగ్గర ఉంటాడు. “ఫ్యాషన్ స్కెచ్” అని రాస్తే కాళ్లు సాగిపోతాయి, మనం లెక్కేసిన 45 అంగుళాల కలీ ఆ కాళ్ల మీద మడమల దాకా రాకుండానే ఆగిపోయేలా ఉంటుంది. స్టూడియో ఫొటో అని రాయడం మేలు.

వెనక ఖాళీ గోడ ఎందుకంటే గుడ్డ చుట్టుగీత చదవడానికి. ఇర్వింగ్ పెన్ 1950లో ‘వోగ్’ కోసం పారిస్ కొత్త దుస్తుల్ని ఫొటోలు తీసినప్పుడు వెనక పాత నాటకశాల తెర ఒకటి కట్టి, పగటి వెలుతురులో తీశాడు. వెనక కళ్లు వెళ్లడానికి ఏమీ లేకపోవడంతో చూపంతా అంగీ గీత మీదే నిలుస్తుంది. టూల్ విషయంలో దీనికి ఇంకో లాభం కూడా ఉంది. మహలు, తోట, దీపాలు అడిగితే వాటి రంగులు గుడ్డ మీదికి పాకుతాయి, దీపాల పసుపుకు మన నీలిమందు ఆకుపచ్చగా మారుతుంది. లేత బూడిద రంగు క్షేమం. తెల్ల బట్టకు తెల్ల గోడ పెడితే అంచులు కలిసిపోతాయి.

నగలు వద్దు అని వాక్యంలో రాయడం ఎదురు తిరుగుతుంది. చాలా మోడళ్లకు “వద్దు” కంటే “నగలు” అన్న మాటే గట్టిగా వినబడుతుంది. అందుకే వద్దన్నవి రాయడానికి కొన్ని టూల్స్‌లో విడిగా ఒక పెట్టె ఉంటుంది. మిడ్‌జర్నీలో వర్ణన చివర `--no jewelry` అని చేరుస్తారు.

ఇంతవరకూ అనుకున్నదంతా కలిపితే ప్రాంప్ట్ ఇలా తయారవుతుంది. ఇంగ్లీషులో ఎందుకో కింద చెబుతాను.

```
Full-length studio photo, plain light grey backdrop,
soft light from left. Woman in a long front-open robe,
indigo handloom cotton, crisp and matte, few broad
angular folds standing away from the hips. Eight tapered
panels from a high waist, narrow gold band at hem. Right
front panel carried across the chest over the left
shoulder. Silver chain-stitch mango motifs only on the
sleeve ends. Right arm held out from the body.
```

గోడ, వెలుతురు ముందు వచ్చాయి చూడండి. 2022లో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ మొదటి రకాల్లో మాటల్ని చదివే భాగానికి 77 ముక్కల పరిమితి ఉంది, అందులో రెండు మొదలూ తుదీ గుర్తులకు పోతాయి. ఒక ముక్క అంటే ఒక మాటో, మాటలో కొంతో, ఒక కామానో. పై ప్రాంప్ట్ ఆ పరిమితిని కాస్త దాటుతుంది, కాబట్టి అలాంటిచోట తోకలో ఉన్న భంగిమ తెగిపోయే ప్రమాదం ఉంది. గోడను చివర పెట్టి ఉంటే తెగేది అదే, మహలు మళ్లీ ప్రత్యక్షమయ్యేది. తర్వాత వచ్చిన మోడళ్లు ఇంతకన్నా చాలా పొడుగు వర్ణనల్ని చదువుతాయి.

తెలుగులో ఎందుకు రాయలేదంటే, అలాంటి పాత మోడళ్లు నేర్చుకున్నది ఎక్కువగా ఇంగ్లీషు వివరణలున్న ఫొటోల నుంచే. తెలుగు లిపిలో ప్రతి గుర్తూ కంప్యూటర్‌కు మూడు బైట్లు. “మంగళగిరి” అన్న ఒక్క మాటకు ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. తెలుగు మాటలు తెలియని మోడల్ దాన్ని చిన్నచిన్న తునకలు చేసుకుని చదువుతుంది, ఆ తునకలకు అర్థం లేదు సరికదా ఉన్న కొద్ది చోటూ ఖర్చయిపోతుంది. ఇప్పటి కొన్ని టూల్స్ తెలుగులో చెప్పినా బాగానే అందుకుంటున్నాయి. వాటిలో కూడా “కలీ” కన్నా “కిందికి వెడల్పయ్యే ముక్క” అన్నదే పని చేసే అవకాశం ఎక్కువ.

బొమ్మ వచ్చాక ముఖం చూడకండి, అంగీ చూడండి. కుడి భాగం ఎక్కడ నుంచి పొడిగింది, రొమ్ము మీదుగా తెగకుండా భుజం దాకా చేరిందా అని వేలితో గీత గీసుకుంటూ వెళ్లండి. ఎక్కువగా తప్పేది ఇక్కడే. పైటలా కనిపించగానే టూల్‌కు చీర గుర్తొస్తుంది, అంగీ నుంచి విడిపోయిన ఓణీ ఒకటి భుజం మీద వేలాడుతుంది. కుడి ఎడమలు తారుమారు కావడం కూడా మామూలే, వేసుకున్న మనిషి కుడీ చూసేవాళ్ల కుడీ ఏదో దానికి తేల్చుకోవడం కష్టం. బొమ్మను అద్దంలోలా తిప్పేస్తే సరిపోతుందని అనిపిస్తుంది కానీ, వెలుతురు కూడా అటు తిరుగుతుంది, చేతి పట్టీ ఉబ్బు దాంతోపాటే మారుతుంది. అది పర్వాలేదనుకుంటే తిప్పేయొచ్చు.

సరిచేసేటప్పుడు ఒకసారి ఒక్క మాటే మార్చాలి. ఓణీ విడిపోతే “అదే గుడ్డ, అతుకు లేకుండా” అని ఆ వాక్యంలోనే చేర్చి, మిగతావన్నీ అలాగే ఉంచాలి. సీడ్ అంకె పెట్టుకునే వీలున్న టూల్ అయితే అదే అంకెను ఉంచాలి. అప్పుడు బొమ్మ మొత్తంగా అదే పోలికలో ఉండి, మనం మార్చినదాని ప్రభావం ఏమిటో తెలుస్తుంది. మడత, కోత, భంగిమ మూడూ ఒకేసారి మారిస్తే ఏ మాట వల్ల ఏది బాగుపడిందో ఎప్పటికీ తేలదు.

వెనక వైపు మాత్రం ఈ పద్ధతికి అందదు. ఎడమ భుజం దాటిన పైట వీపు మీద ఎంత దూరం దిగుతుంది, చివర వదులుగా వేలాడుతుందా, నడుం దగ్గర కుట్లతో ఆగుతుందా అన్నది ముందు నుంచి తీసిన బొమ్మలో లేదు. వెనక నుంచి చూపించమంటే టూల్ ఇంకో అంగీ గీస్తుంది, మన అంగీకి చుట్టమని చెప్పుకోవచ్చు అంతే. ఆ జవాబు కోసం మార్కిన్ గుడ్డ మూడు మీటర్లు కొని, పైటకు ఇంకో మీటరున్నర చేర్చి, డమ్మీ మీద పిన్నులు గుచ్చి చూడాలి. మార్కిన్‌ను ముందు గంజిలో ముంచి ఆరేయాలి, లేకపోతే అది మంగళగిరిలా నిలబడదు.